సేఫ్టీ డిప్లొమా సరే, మీ సంతకం నిలబడుతుందా?

ఇస్నాపూర్‌లో ఉంటూ పాశమైలారంలోనో, రుద్రారంలోనో, పటాన్‌చెరులోనో సైట్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నారా? అయితే ఎవరో ఒకరు మీకు ఈ సలహా ఇచ్చే ఉంటారు: "అన్నా, ఆదివారాలు క్లాసులకు పోయి సేఫ్టీ డిప్లొమా చెయ్యి. సేఫ్టీ ఆఫీసర్ అయిపోతవ్. జీతం పెరుగుతది."

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో జరిగిన పేలుడు తర్వాత ఈ సలహా ఇంకా ఎక్కువగా వినిపిస్తోంది. ఆ ప్రమాదంలో 46 మంది చనిపోయినట్టు ధ్రువీకరించారు. మరో 8 మంది ఆచూకీ దొరకనే లేదు. ఆ ఊరి రోడ్డు మీద రోజూ డ్యూటీకి వెళ్లే మనిషికి భద్రత గురించి నేర్చుకోవాలనిపించడం సహజం. నేర్చుకోవాలి కూడా.

కానీ ఆ సలహాలో సగమే నిజం. డిప్లొమా మీకు ఉపయోగపడుతుంది, నిజమే. అది చేసిన ప్రతివాడూ సేఫ్టీ ఆఫీసర్ అవుతాడన్నది మాత్రం నిజం కాదు. ఈ తేడా తెలియక కష్టపడి కూడబెట్టిన డబ్బు ఫీజుకు పోసి, చివరికి ఇంటర్వ్యూలో నిరాశపడేవాళ్లు ఉంటారు. అందుకే చట్టం ఆ డిప్లొమాను ఎలా చూస్తుందో, యజమాని ఎలా చూస్తాడో, ఇన్‌స్పెక్టర్ ఎలా చూస్తాడో ఈ అధ్యాయంలో విడివిడిగా చూద్దాం.

1. మీకు కావాల్సింది ఏ ఉద్యోగమో ముందు తేల్చుకోండి

సేఫ్టీ ఆఫీసర్ వేరు, సేఫ్టీ తెలిసిన సూపర్‌వైజర్ వేరు. మొదటిది చట్టం పెట్టమన్న పోస్టు. రెండోది పని బాగా తెలిసిన మనిషికి దొరికే గుర్తింపు.

సేఫ్టీ ఆఫీసర్‌ను ఎవరు పెట్టుకోవాలి? 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం వెయ్యి మంది, అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీలు పెట్టుకోవాల్సి ఉండేది. ప్రమాదకరమైన ప్రక్రియలు నడిచే చోట్ల అంతకంటే తక్కువ మంది ఉన్నా పెట్టమని ప్రభుత్వం చెప్పే వీలుండేది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఈ సంఖ్యను తగ్గించింది. ఇప్పుడు మామూలు ఫ్యాక్టరీలో 500 మంది, ప్రమాదకర ప్రక్రియ నడిచే ఫ్యాక్టరీలో 250 మంది, భవన నిర్మాణ పనిలో 250 మంది ఉంటే సేఫ్టీ ఆఫీసర్ ఉండాలి.

ఇప్పుడు మీ ఫ్యాక్టరీ వైపు చూడండి. పాశమైలారం, పటాన్‌చెరు షెడ్లలో చాలావాటిలో అంత మంది ఉండరు. నూటయాభై మంది ఉన్న యూనిట్‌కు కొత్త కోడ్‌లోని ఈ సంఖ్యల ప్రకారం సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరి కాదు. అయినా అక్కడ ట్యాంకులు కడుగుతారు, వెల్డింగ్ చేస్తారు, రేకుల మీదికి ఎక్కుతారు. ఆ పనులను చూసుకునేది మీరే. కాబట్టి ఈ ప్రాంతంలో సేఫ్టీ ఆఫీసర్ పోస్టుల కన్నా, పర్మిట్ సరిగ్గా నడపగలిగే సూపర్‌వైజర్ అవసరమే ఎక్కువ చోట్ల ఉంటుంది. మీ డిప్లొమా ఎక్కువగా పనికొచ్చేది కూడా అక్కడే.

2. ఫీజు కట్టే ముందు మూడు కాగితాలు చూడండి

సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకే వెళ్లాలని మీ పట్టుదలా? మంచిదే. అయితే ఇన్నాళ్లూ నియమాలు అడుగుతూ వచ్చినవి ఒకటి కాదు, నాలుగు. ఇంజనీరింగ్ డిగ్రీ లేదా డిప్లొమా వంటి మూల అర్హత ఉండాలి. సూపర్‌వైజర్ హోదాలో కొన్నేళ్ల అనుభవం ఉండాలి. డిగ్రీ ఉన్నవాళ్లకు సాధారణంగా రెండేళ్లు, డిప్లొమా ఉన్నవాళ్లకు ఐదేళ్లు అడుగుతారు. ఆపైన రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన పారిశ్రామిక భద్రత డిప్లొమా ఉండాలి. కార్మికుల్లో ఎక్కువమంది మాట్లాడే భాష కూడా వచ్చి ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగతా మూడూ అక్కరకు రావు.

అందుకని ఈ మూడు కాగితాలూ దగ్గర పెట్టుకున్నాకే అడ్మిషన్ ఫారం నింపండి.

మొదటిది, కోర్సుకు గుర్తింపు ఇచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు. ఇన్‌స్టిట్యూట్ వాళ్లను సూటిగా అడగండి: "ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకు ఈ డిప్లొమాను రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన కాగితం చూపిస్తారా?" జవాబుగా ఐఎస్‌ఓ సర్టిఫికెట్ చూపిస్తే మోసపోకండి. అది ఆ సంస్థ ఆఫీసు ఎలా నడుస్తోందో చెప్పే కాగితం. మీ డిప్లొమాకు చట్టం దృష్టిలో ఏ విలువా ఇవ్వదు. అనుమానం ఉంటే ఫ్యాక్టరీల శాఖ ఆఫీసుకు వెళ్లి కోర్సు పేరు, సంస్థ పేరు రాసిచ్చి అడగండి. కేంద్ర కార్మిక శాఖ కింద ముంబైలో సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్, చెన్నైలో రీజనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. ఇవి పారిశ్రామిక భద్రతలో అడ్వాన్స్‌డ్ డిప్లొమా నడుపుతాయి. పరిశ్రమల్లో దీన్నే 'ఎడిస్' అంటారు. మనవాళ్లకు చెన్నై దగ్గర. ఏడాది పాటు ఉద్యోగం వదులుకోగలరా, కంపెనీ పంపిస్తుందా అన్నది కూడా ఇక్కడే లెక్క చూసుకోవాలి.

రెండోది, మీ సొంత మూల అర్హత పత్రం. మీది ఐటీఐ లేదా ఇంటరా? అయితే గుర్తింపు ఉన్న సేఫ్టీ డిప్లొమా చేసినా ఈ నియమాల కింద సేఫ్టీ ఆఫీసర్ కాలేరు. ఈ విషయం అడ్మిషన్ కౌంటర్‌లో ఎవరూ చెప్పరు. అలాగని నేర్చుకోవడం దండగని కాదు. మీ లక్ష్యం మంచి సూపర్‌వైజర్ కావడమైతే ఖరీదైన ఏడాది కోర్సు అక్కర్లేదు. తక్కువ ఖర్చులో చిన్న కోర్సు, దానితో పాటు పర్మిట్ పని మీద గట్టి పట్టు ఉంటే చాలు. పెద్ద పోస్టే కావాలంటే ముందు పాలిటెక్నిక్ డిప్లొమా పూర్తి చేసే దారి చూడండి.

మూడోది, మీ అనుభవ ధ్రువపత్రం. దానిలో 'సూపర్‌వైజర్' అనే మాట ఉందా? కాంట్రాక్టర్లు తరచూ 'మా దగ్గర పనిచేశాడు' అని ఒక్క వాక్యం రాసిస్తారు. పీఎఫ్‌లో చేరిన తేదీ ఒకటి, లెటర్‌లో తేదీ ఇంకొకటి ఉంటుంది. పరిశీలన రోజున మీ ఐదేళ్ల కష్టం ఆ తేడా దగ్గర ఆగిపోతుంది. కాంట్రాక్టర్ మారిన ప్రతిసారీ హోదా, సైట్, తేదీలు స్పష్టంగా ఉన్న లెటర్ తీసుకోండి. తర్వాత ఇస్తానంటే ఒప్పుకోకండి.

గల్ఫ్‌కు వెళ్లాలనుకునేవాళ్లు నెబోష్, ఐఓఎస్‌హెచ్ వంటి బ్రిటన్ సర్టిఫికెట్ల వైపు చూస్తారు. అక్కడి కంపెనీలు వాటిని అడుగుతాయి కూడా. అయితే ఇక్కడి ఫ్యాక్టరీలో చట్టం అడిగే డిప్లొమా స్థానంలో అవి చెల్లవు. దేని కోసం చదువుతున్నారో తేల్చుకున్నాకే డబ్బు కట్టండి.

3. యజమాని ఇంటర్వ్యూలో ఏం వెతుకుతాడు?

ఫ్యాక్టరీ ఈహెచ్‌ఎస్ మేనేజర్ ముందు మీరు కూర్చున్నారనుకోండి. సర్టిఫికెట్‌ను ఆయన అర నిమిషం చూసి పక్కన పెడతాడు. తర్వాత అడిగేది ఇదే: "మీరు ఆపిన పని ఒకటి చెప్పండి."

దీనికి మీ దగ్గర జవాబు ఉందా? 'నేనెప్పుడూ ప్రమాదం జరగనివ్వలేదు సార్' అంటే అది జవాబు కాదు. ఏ పని, ఏ రోజు, ఏం చూసి ఆపారు, ఆపాక ఏం సరిచేశారు, మళ్లీ ఎన్ని గంటలకు మొదలుపెట్టారు అన్నవి చెప్పగలగాలి. మందుల కంపెనీలకు విదేశీ కొనుగోలుదారుల ఆడిటర్లు వస్తారు. వాళ్లు కాంట్రాక్టర్ పనుల పర్మిట్లు తీయించి చూస్తారు. ఆ రోజు ఫైలు తెరిస్తే తలదించుకోవాల్సిన పని లేకుండా చేసే మనిషి ఆ మేనేజర్‌కు కావాలి. డిప్లొమా మిమ్మల్ని ఆయన ముందు కూర్చోబెడుతుంది. ఉద్యోగం ఇప్పించేది మాత్రం మీరు చెప్పే ఆ ఒక్క పని.

ఆ పని ఎలా ఉండాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

4. ఒక ఆదివారం, ఒక సంప్, ఒక పర్మిట్

ఆదివారం షట్‌డౌన్. ఫ్యాక్టరీ మురుగునీటి శుద్ధి ప్లాంటులో మూడు మీటర్ల లోతు సంప్ ఉంది. అడుగున బురద పేరుకుపోయింది. శుభ్రం చేసే పని మీ కాంట్రాక్టర్‌కు వచ్చింది. మీతో ఐదుగురు మనుషులున్నారు. పొద్దున 8 గంటలకు పర్మిట్ ఫారం మీ చేతికొచ్చింది. మధ్యాహ్నానికి అయిపోవాలని కాంట్రాక్టర్ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. మీరు మొదట ఏం చేస్తారు?

మొదటి ప్రశ్న: లోపలికి మనిషి దిగకుండా ఈ పని అవుతుందా? పైనుంచి నీళ్ల జెట్ కొట్టి, సక్షన్ ట్యాంకర్‌తో బురద లాగేయవచ్చా? అవుతుందనుకుంటే దిగే పనే లేదు. డిప్లొమా చదివిన మనిషికీ చదవని మనిషికీ తేడా మొదట కనిపించేది ఈ ప్రశ్నలోనే. మన ఉదాహరణలో సగం బురద ట్యాంకర్‌తో పోయింది. మూలల్లో గట్టిపడినది మిగిలింది. దానికి దిగక తప్పదు.

రెండోది, సంప్‌లోకి ఏదీ రాకుండా ఆపడం. వాల్వ్ మూశామని చెబితే సరిపోదు. మూసిన వాల్వ్ లీకవ్వవచ్చు, తెలియక ఎవరో తెరవనూ వచ్చు. ఇన్‌లెట్ లైన్ విప్పాలి, లేదా బ్లైండ్ ప్లేటు వేయాలి. పంపు, అజిటేటర్ ఉంటే మెయిన్ స్విచ్ దగ్గర తాళం వేసి, తాళంచెవి మీ జేబులో పెట్టుకోవాలి.

మూడోది, గాలి. బ్లోయర్ పెట్టి బయటి గాలి లోపలికి పంపాలి. కొందరు తొందరలో వెల్డింగ్ సిలిండర్ నుంచి ఆక్సిజన్ వదులుతారు. అది ప్రాణాంతకం. ఆక్సిజన్ ఎక్కువైన చోట చిన్న నిప్పురవ్వకే బట్టలు భగ్గుమంటాయి.

నాలుగోది, గ్యాస్ టెస్ట్. మొదట ఆక్సిజన్, తర్వాత మండే వాయువులు, ఆ తర్వాత విషవాయువులు. ఈ వరసకు కారణం ఉంది. ఆక్సిజన్ మరీ తక్కువగా ఉన్న చోట మండే వాయువు సెన్సర్ చాలా పరికరాల్లో తప్పు చూపిస్తుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 19.5 శాతం కంటే తగ్గితే దిగకూడదు. మురుగు సంప్‌లలో భయపెట్టేది హైడ్రోజన్ సల్ఫైడ్. అది గాలి కంటే బరువు కాబట్టి అడుగున చేరుతుంది. అందుకే పైన, మధ్యన, అడుగున మూడు చోట్లా గొట్టం దింపి రీడింగ్ తీయాలి. ఎనిమిది గంటల పనికి దాని పరిమితి పది లక్షల వంతుల గాలిలో 10 వంతులు, అంటే 10 పీపీఎం.

'కుళ్లిన గుడ్ల వాసన వస్తే తెలిసిపోతుంది కదా' అనుకుంటున్నారా? ఈ నమ్మకమే ఎందరినో చంపింది. గ్యాస్ మోతాదు 100 పీపీఎం దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారిపోతుంది. వాసన ఆగిపోయింది కాబట్టి గ్యాస్ పోయిందని లోపలి మనిషి అనుకుంటాడు. నిజానికి అప్పుడే అది పెరిగింది.

ఐదోది, బయటి మనిషి. సంప్ మూతి దగ్గర ఒకరు కూర్చోవాలి. ఆయనకు ఇంకే పనీ చెప్పకూడదు. లోపలి మనిషి హార్నెస్ వేసుకోవాలి, దానికి కట్టిన తాడు పైన ట్రైపాడ్‌కు ఉండాలి. లోపలివాడు పడిపోతే బయటివాడు దూకకూడదు, తాడుతో పైకి లాగాలి. ఈ మాట పని మొదలయ్యే ముందు అతనితోనే ఒకసారి చెప్పించుకోండి. ఇలాంటి ప్రమాదాల్లో ఒకరి వెనుక ఒకరు దూకి చనిపోవడం మళ్లీ మళ్లీ జరుగుతోంది. లోపల వెలుతురుకు 24 వోల్టులు మించని దీపమే వాడాలి. మండే వాయువుకు అవకాశం ఉంటే ఫ్లేమ్‌ప్రూఫ్ దీపం తప్పనిసరి.

ఇప్పుడు గడియారం చూడండి. 9:40కి అడుగున రీడింగ్: ఆక్సిజన్ 20.6, మండే వాయువు సున్నా, హైడ్రోజన్ సల్ఫైడ్ 2. సరే, 9:50కి ఇద్దరు దిగారు. 10:15కి ఒకరు పారతో గట్టి బురదను కదిపారు. అతని ఛాతీకి తగిలించిన డిటెక్టర్ మోగింది. 18 పీపీఎం.

ఇదెలా జరిగింది? పొద్దున తీసిన రీడింగ్ తప్పు కాదు. గ్యాస్ బురద లోపల ఇరుక్కుని ఉంది. కదిపితే బయటికొచ్చింది. అందుకే దిగే ముందు ఒకసారి తీసిన రీడింగ్ చాలదు. పని సాగినంతసేపూ డిటెక్టర్ మనిషి ఒంటి మీదే ఉండాలి. మీరు వాళ్లిద్దరినీ వెంటనే పైకి రప్పించారు. పర్మిట్ మీద ఇలా రాశారు: '10:15, బురద కదిపినప్పుడు 18 పీపీఎం, పని ఆపాం.' బ్లోయర్ గొట్టాన్ని అడుగు దాకా దింపించారు. పైనుంచి నీళ్ల జెట్‌తో బురదను విరగ్గొట్టించి మళ్లీ ట్యాంకర్‌తో లాగించారు. 11:30కి మూడు చోట్లా మళ్లీ రీడింగ్ తీయించారు. అడుగున 1. అప్పుడు దింపారు. భోజనానికి పైకొచ్చి 1:45కి మళ్లీ దిగే ముందు ఇంకోసారి తీయించారు. 3:30కి మనుషులు, సామాన్లు లెక్క చూసుకుని, తాళాలు తీసి, పర్మిట్ మూశారు.

పని మధ్యాహ్నానికి కాలేదు. కానీ ఇంటర్వ్యూలో 'మీరు ఆపిన పని ఒకటి చెప్పండి' అన్న ప్రశ్నకు ఇప్పుడు మీ దగ్గర జవాబు ఉంది. ఐదుగురూ ఇంటికి వెళ్లారు.

5. డిప్లొమా ఇవ్వని అధికారాన్ని చేతిలోకి తీసుకోకండి

ఈ ఒక్క విషయంలో చదువుకున్నవాళ్లే ఎక్కువ పొరబడతారు. డిప్లొమా ఉంది కాబట్టి గ్యాస్ టెస్ట్ నేనే చేసి, పర్మిట్ నేనే ఇచ్చి, నేనే తీసుకుంటాను అనుకుంటారు. అలా కుదరదు.

మూసిన చోట్లలోకి దిగడం గురించి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ రెండే దారులు చూపింది. 'కాంపిటెంట్ పర్సన్' స్వయంగా పరీక్షించి, లోపల ప్రమాదకర వాయువు లేదని రాసివ్వాలి. లేదంటే దిగే మనిషి శ్వాస పరికరం వేసుకుని, బయటివాళ్లు పట్టుకున్న తాడుకు కట్టి ఉండాలి. ఆ కాంపిటెంట్ పర్సన్ హోదా చీఫ్ ఇన్‌స్పెక్టర్ గుర్తింపుతో వచ్చేది. మీ సేఫ్టీ డిప్లొమాతో దానంతట అది రాదు.

కాబట్టి మొదటి రోజే కంపెనీని లిఖితంగా అడగండి: "గ్యాస్ టెస్ట్ ఎవరు చేయాలి? పర్మిట్ ఎవరు ఇవ్వాలి? నేను సంతకం పెట్టాల్సింది ఏ గడిలో?" సాధారణంగా ప్లాంటువాళ్లు పర్మిట్ ఇస్తారు, కాంట్రాక్టర్ సూపర్‌వైజర్‌గా మీరు తీసుకుంటారు. రెండు గడుల్లోనూ మీ సంతకమే ఉంటే, రెండో కన్ను చూడలేదని ఆ కాగితమే చెబుతుంది.

6. ఇన్‌స్పెక్టర్ మీ పర్మిట్‌ను ఎలా చదువుతాడు?

కొత్త కోడ్ ఆయన్ని 'ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్' అంటోంది. పేరు ఏదైనా అనుభవమున్న ఇన్‌స్పెక్టర్ చూసేవి ఇవే. సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరైన చోట ఆయన అర్హత పత్రాలు, డిప్లొమా గుర్తింపు పరిశీలిస్తాడు. ఆ లెక్క అంతటితో సరి. సూపర్‌వైజర్ దగ్గరికి వచ్చేసరికి డిప్లొమా గురించి పెద్దగా అడగడు. పాత పర్మిట్ ఒకటి ఫైలు నుంచి తీసి, ఇది ఎవరి సంతకం అని అడుగుతాడు.

అక్కడ ఏం దొరికిపోతుందో తెలుసా?

పది రోజుల పర్మిట్లలోనూ '20.9, 0, 0' అని ఒకే రీడింగ్ ఉంటుంది. మీరు సంప్ అడుగు దాకా గొట్టం దింపి ఉంటే ఏదో ఒక రోజైనా అంకె మారేది. రీడింగ్ తీసిన సమయం 10:00 అని, మనిషి దిగిన సమయం 9:45 అని ఉంటుంది. భోజనం తర్వాత తీయాల్సిన రెండో రీడింగ్ ఉండదు. పర్మిట్‌లో నలుగురి పేర్లుంటే కాంట్రాక్టర్ హాజరు పుస్తకంలో ఆరుగురుంటారు. గ్యాస్ డిటెక్టర్ నంబరు రాసి ఉంటుంది, కానీ దాని కాలిబ్రేషన్ గడువు దాటి నెలలు అయి ఉంటుంది. వీటిలో ఒక్కటి కనిపించినా మిగతా ఫైలును ఆయన నమ్మడు.

మన సంప్ పర్మిట్‌లో '10:15, 18 పీపీఎం, పని ఆపాం' అన్న గీత ఉంది చూడండి. చాలామంది సూపర్‌వైజర్లు దాన్ని మచ్చ అనుకుని కొత్త ఫారం రాసేస్తారు. ఆ తప్పు చేయకండి. ఆ గీతే మీ పర్మిట్ నిజమైనదని సాక్ష్యం చెబుతుంది. ఇన్‌స్పెక్టర్ మిమ్మల్ని "ఎందుకు ఆపావు? ఏం చేశావు?" అని అడిగితే, కాగితం చూడకుండా చెప్పగలిగే మనిషి మీరొక్కరే అవుతారు. మీ చదువు విలువను ఆయన కొలిచేది ఆ జవాబుతోనే.

7. మీ మనుషుల భాషలో చెప్పండి

సేఫ్టీ ఆఫీసర్‌కు కార్మికుల భాష రావాలని నియమం ఎందుకు పెట్టారు? పాశమైలారంలో చూస్తే వెంటనే అర్థమవుతుంది. మీ ఐదుగురిలో ఇద్దరు ఒడిశా వాళ్లు, ఇద్దరు బిహార్ వాళ్లు, ఒకరు జహీరాబాద్ వైపు మనిషి కావచ్చు. పర్మిట్ ఫారం ఇంగ్లిష్‌లో ఉంటుంది. మీరు తెలుగులో చెప్పి, తలలు ఊపారని సంతకాలు తీసుకుంటే అది శిక్షణ కాదు.

ఇన్‌స్పెక్టర్లు నేరుగా కార్మికుణ్నే అడుగుతారు: "అలారం మోగితే ఏం చేస్తావ్?" అతని నోట జవాబు రాకపోతే మీ టూల్‌బాక్స్ టాక్ రిజిస్టర్‌లో ఎన్ని సంతకాలున్నా లాభం లేదు. పని మొదలయ్యే ముందు ఐదు నిమిషాలు హిందీలో చెప్పండి. ఒడియా వచ్చిన కార్మికుడితో మిగతావాళ్లకు చెప్పించండి. తర్వాత ఒక్కొక్కరినీ ఒక్క ప్రశ్న అడగండి. తప్పు చెప్పిన మనిషిని ఆ రోజు బయటి పనికి మార్చండి.

8. ఒత్తిడి వచ్చినప్పుడు ఏం రాయాలి?

"జర తొందరగా కానీయ్. బ్లైండ్ తర్వాత వేద్దాం. నువ్వు సంతకం పెట్టు, నేను చూసుకుంట." కాంట్రాక్టర్ ఇలా అంటే గొడవ పడక్కర్లేదు. గొంతు పెంచక్కర్లేదు. పర్మిట్ మీదే ఒక వాక్యం రాయండి: 'ఇన్‌లెట్‌కు బ్లైండ్ వేయలేదు, అందుకే ఎంట్రీ ఇవ్వలేదు. 9:20.' కింద సంతకం పెట్టి, ఒక కాపీ ప్లాంటు ఇన్‌చార్జికి ఇవ్వండి.

అలా రాసిన వాక్యాన్ని కొట్టేయమని చెప్పడానికి చాలామంది వెనకాడతారు. నోటితో అన్న మాటకు సాక్ష్యం ఉండదు, కాగితం మీది వాక్యానికి ఉంటుంది. ఫ్యాక్టరీలో భద్రతకు మొదటి బాధ్యత ఆక్యుపైయర్‌ది, మేనేజర్‌ది. కానీ ప్రాణం పోయిన రోజు అందరూ వెతికే మొదటి కాగితం పర్మిట్. దాని మీద ఉన్న సంతకం మీది. 'నేను చూసుకుంటా' అన్న మనిషి పేరు అందులో ఎక్కడా ఉండదు.

ఈ వారమే మొదలుపెట్టండి

డిప్లొమాలో చేరినా, చేరకపోయినా ఈ నాలుగు పనులు చేయండి.

1. మీరు సంతకం పెట్టిన చివరి ఐదు పర్మిట్లు తీసి, ఇన్‌స్పెక్టర్ కంటితో చదవండి. పైన చెప్పిన తప్పుల్లో ఎన్ని ఉన్నాయో మీకే తెలుస్తుంది.
2. మీ సైట్‌లోని గ్యాస్ డిటెక్టర్ కాలిబ్రేషన్ తేదీ చూడండి. గడువు దాటితే ఆ రోజే రాసి పంపండి.
3. పాత కాంట్రాక్టర్ల దగ్గరికి వెళ్లి, హోదా, తేదీలు ఉన్న అనుభవ లెటర్లు తెచ్చుకోండి.
4. మీరు ఆపిన పని ఒకటి కంపెనీ పేరు లేకుండా, సమయాలతో సహా ఒక పేజీలో రాసి పెట్టుకోండి. ఇంటర్వ్యూకు సర్టిఫికెట్‌తో పాటు ఆ పేజీలోని విషయం మీ నోటి మీద ఉండాలి.

డిప్లొమా చేయండి. అయితే మీ అర్హతకు తగినది, మీ లక్ష్యానికి సరిపోయేది, గుర్తింపు చూసుకుని చేయండి. చేశాక మాత్రం మీ కంటితో చూడని రీడింగ్ కింద సంతకం పెట్టకండి. యజమాని లెక్కలోనూ, ఇన్‌స్పెక్టర్ లెక్కలోనూ మీ డిప్లొమా విలువ ఆ సంతకం విలువంతే.